పెండింగ్ అప్రూవల్స్‌లో మేనేజర్ చూడాల్సింది ఏమిటి: లీవులు, టూర్ క్లెయిములు

ప్రశ్న: కొత్తగా 14 మంది టీమ్‌కి మేనేజర్‌నయ్యాను. హైదరాబాద్ ఆఫీసు, సర్వీస్ ఇంజినీర్లు కాబట్టి నెలలో సగం రోజులు టూర్ల మీదే ఉంటారు. నా లిస్టులో లీవులూ ఖర్చుల క్లెయిములూ కలిపి 31 పెండింగ్ ఉన్నాయి. ఒక్కోదాంట్లో అసలు ఏం చూడాలి? ఎలాగూ ఫైనాన్స్ వాళ్ళు మళ్ళీ చూస్తారు కదా, సెలెక్ట్ ఆల్ పెట్టి అప్రూవ్ కొట్టేస్తే నష్టమేంటి?

జవాబు:

ముందు ఆ ఫైనాన్స్ సంగతి తేల్చుకుందాం. ఫైనాన్స్ వాళ్ళ ముందుకు వచ్చేది బిల్లు. ఆ బిల్లు సరిగ్గా ఉందా, పరిమితిలో ఉందా, ఏ ఖాతాలో వేయాలి అన్నది వాళ్ళు చూస్తారు. మీ ఇంజినీర్ 12వ తేదీన విజయవాడలో నిజంగా పనిలో ఉన్నాడా, ఆ రాత్రి అక్కడ ఉండాల్సిన అవసరం ఉందా, పని ఎన్నింటికి ముగిసింది అన్నది వాళ్ళకు తెలిసే దారి లేదు. అది తెలిసింది మీకొక్కరికే. మీ అప్రూవల్‌కి అర్థం కూడా అదే: ఈ పని జరిగింది, ఈ తేదీల్లో జరిగింది, ఈ ఖర్చు ఆ పని కోసమే అయింది అని మీరు సంతకం పెడుతున్నారు. ఫైనాన్స్ వాళ్ళు మీ సంతకం చూసి ఆ సంగతి తేలిపోయిందనుకుంటారు, మీరేమో వాళ్ళు చూస్తారని వదిలేస్తారు. తప్పు క్లెయిములు ఎక్కువగా దాటిపోయేది ఆ సందులోంచే.

సెలెక్ట్ ఆల్ ఎందుకు వద్దంటే, లిస్టులో ఒక వరసలో కనిపించేది పేరు, తేదీ, మొత్తం మాత్రమే. 22,903 రూపాయలు అని ఒక్క అంకె కనిపిస్తుంది. తేడా ఏదైనా ఉంటే అది లోపలి లైన్లలో ఉంటుంది. పరిమితి దాటితే సిస్టమ్ ఎర్రజెండా చూపిస్తుంది నిజమే, కానీ అది ఒక్కో లైనుని విడివిడిగా చూసి చూపించే జెండా. పెట్రోల్ బిల్లు ఒక లైనులో, కిలోమీటర్ల లెక్క ఇంకో లైనులో ఉంటే రెండూ పరిమితిలోనే ఉంటాయి, జెండా లేవదు. ఫోన్ యాప్‌లో అయితే అటాచ్‌మెంట్లు సగం తెరుచుకోవు. క్లెయిములను కంప్యూటర్ మీదే చూడండి. లీవులు ఫోన్‌లో చూసినా నడుస్తుంది.

ఇక 31 లోంచి ఏది ముందు? మొత్తాన్ని బట్టి వరస పెట్టకండి. ముందు లీవులు తీయండి. జీతాల లెక్కకు హాజరు పట్టిక మూసే తేదీ ప్రతి కంపెనీలో ఒకటి ఉంటుంది, చాలా చోట్ల 20కీ 25కీ మధ్య. ఆ తేదీ లోపు మీరు అప్రూవ్ చేయని లీవు ఆ నెల జీతంలో జీతం లేని సెలవుగా పడుతుంది. తర్వాతి నెల సరిచేస్తారు, కానీ ఈ నెల ఈఎంఐ కట్టాల్సిన మనిషికి ఆ మాట పనికిరాదు. క్లెయిము ఒక వారం ఆలస్యమైతే తర్వాతి చెల్లింపు విడతలోకి వెళుతుంది, అంతే. కాబట్టి లీవుల్లో కూడా ఇప్పటికే తేదీ దాటిపోయినవి మొదట, ఈ వారంలో మొదలయ్యేవి తర్వాత, వచ్చే నెలవి చివర.

అయితే ఒక మెలిక ఉంది. టూర్ల మీద తిరిగే టీమ్‌లో లీవు లిస్టునీ క్లెయిముల లిస్టునీ వేరువేరుగా చూస్తే దొరకనివి, పక్కపక్కన పెడితే దొరుకుతాయి. అందుకే ఒక్కో మనిషి పేరు మీద ఫిల్టర్ పెట్టి, అతని లీవు, ఆన్ డ్యూటీ, క్లెయిము మూడూ ఒకేసారి తెరవండి. 31 అంశాలు 14 మంది మీద పడితే మనిషికి రెండో మూడో వస్తాయి. పెద్ద పనేం కాదు.

ఒక క్లెయిముని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను పెట్టినవి, పరిమితులు మీ కంపెనీ పాలసీలో వేరుగా ఉండవచ్చు. సొంత కారుకు కిలోమీటరుకు 12 రూపాయలు, హోటల్‌కి పన్ను కాకుండా రాత్రికి 3,500, భోజనానికి బిల్లుల మీద రోజుకు 800 అనుకుందాం. ఒక ఇంజినీర్ 2026 ఫిబ్రవరి 10, మంగళవారం, సొంత కారులో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళాడు. కస్టమర్ ప్లాంట్‌లో మూడు రోజుల పని. 12, గురువారం ముగిసింది. అతని పేరు మీద మూడు పెండింగ్ ఉన్నాయి: 10 నుంచి 13 వరకు ఆన్ డ్యూటీ, 13కి ఒక రోజు క్యాజువల్ లీవు, 22,903 రూపాయల క్లెయిము. క్లెయిములో లైన్లు ఇవి: కారు 640 కిలోమీటర్లు, 7,680. పెట్రోల్ బిల్లు 2,000. హోటల్ 10,458. భోజనాలు నాలుగు రోజులకు 2,765. టోల్ లైను ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌తో అణా పైసలతో సరిపోయింది కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపడం లేదు.

క్లెయిము తెరవకముందే ఒక చిక్కు కనిపించింది చూడండి. 13న మనిషి పనిలో ఉన్నాడా, సెలవులో ఉన్నాడా? ఆన్ డ్యూటీలో 13 ఉంది, లీవులోనూ 13 ఉంది. ఒకే తేదీకి రెండు లీవులు పెడితే సిస్టమ్ ఆపుతుంది. కానీ ఆన్ డ్యూటీ చాలా సాఫ్ట్‌వేర్లలో హాజరు సవరణల కిందకు వస్తుంది, లీవు ఇంకో మాడ్యూల్. ఒకటి ఇంకోదాన్ని పట్టుకోకపోవచ్చు. మీరు రెండూ అప్రూవ్ చేస్తే 13ని హాజరుగా లెక్కేసి లీవు ఖాతాలో కోత పడకపోవచ్చు, లేదా కోత పడి హాజరు కూడా పడవచ్చు. రెండూ తప్పే. దీన్ని మోసమని అనుకోవక్కర్లేదు. టూర్‌కి ముందే నాలుగు రోజులకు ఆన్ డ్యూటీ పెట్టుకుని, పని ఒక రోజు ముందే అయిపోతే 13కి లీవు పెట్టి, పాతదాన్ని సవరించడం మర్చిపోవడం మామూలుగా జరిగేదే. ఆన్ డ్యూటీని 12 వరకు కుదించమని వెనక్కి పంపండి. అది తిరిగి వచ్చాక లీవుని అప్రూవ్ చేయండి. 13 మాత్రం ఇకనుంచి లీవు రోజు. క్లెయిములో 13 తేదీతో ఏ లైను కనిపించినా చూపు అక్కడ ఆగాలి.

ఇప్పుడు పని నిజంగా జరిగినట్టు రుజువు. సర్వీస్ ఇంజినీర్లకు దీనికి మించిన సదుపాయం లేదు: కస్టమర్ సంతకం పెట్టిన సర్వీస్ రిపోర్టు. దాని మీద తేదీ, వచ్చిన సమయం, ముగిసిన సమయం ఉంటాయి. క్లెయిముకి అది జత చేయడం మీ టీమ్‌లో తప్పనిసరి చేస్తే సగం ప్రశ్నలు అడగాల్సిన పనే ఉండదు. ఈ కేసులో 12వ తేదీ రిపోర్టు సాయంత్రం 6:30కి ముగిసిందని ఉంది.

కారు లైను. హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ జాతీయ రహదారి మీద దాదాపు 275 కిలోమీటర్లు, రానూ పోనూ 550. హోటల్ నుంచి ప్లాంట్‌కి 12 కిలోమీటర్లు అనుకుంటే, మొదటిరోజు నేరుగా ప్లాంట్‌కి వెళ్ళి రాత్రికి హోటల్‌కి రావడం, తర్వాతి రెండు రోజులూ రాకపోకలు, మొత్తం 60. అంటే 610. అతను రాసింది 640. తేడా 30 కిలోమీటర్లు, 360 రూపాయలు. ఇల్లు ఊరికి ఏ చివరన ఉందో, ఎక్కడ రోడ్డు పనుల వల్ల చుట్టు తిరిగాడో మనకు తెలియదు. ఐదు శాతం లోపు తేడాకు మనిషిని నిలదీయడం నా దృష్టిలో అనవసరం. అదే 640 బదులు 780 అని ఉంటే అడగాల్సిందే.

ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. ఆ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు ప్లాజాలు వరసగా వస్తాయి. వెళ్ళేటప్పుడు ఈ వరస, వచ్చేటప్పుడు తిరగేసి. బ్యాంకులో డబ్బు కోసిన సమయం కొన్నిసార్లు ఆలస్యంగా పడుతుంది, కాబట్టి ప్లాజా దాటిన సమయం చూడండి. ఇతని స్టేట్‌మెంట్‌లో 10న ఉదయం వెళ్ళినట్టు, 15 ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చినట్టు ఉంది. 13 శుక్రవారం లీవు, 14 రెండో శనివారం, 15 ఆదివారం, పైగా శివరాత్రి. అంటే పని చూసుకుని అటునుంచి అటే ఊరికి వెళ్ళి పండగ చూసుకుని వచ్చాడు. దీంట్లో తప్పేమీ లేదు. 12 రాత్రి వచ్చినా 15 సాయంత్రం వచ్చినా తిరుగు ప్రయాణం కంపెనీ పని వల్ల వచ్చినదే, దూరమూ పెరగలేదు. మీ పాలసీలో ప్రత్యేకంగా నిషేధం లేకపోతే తిరుగు కిలోమీటర్లు, టోల్ ఇవ్వవచ్చు. ఊళ్ళో సొంత పని మీద తిరిగిన కిలోమీటర్లు మాత్రం కలవకూడదు. 640లో అవి కలిసే చోటు లేదని పైన లెక్కలోనే తేలింది.

పెట్రోల్ బిల్లు 2,000. ఇది ఇవ్వకూడదు. కిలోమీటరుకు 12 రూపాయలు అన్నప్పుడు అందులో ఇంధనం, టైర్ల అరుగుదల, సర్వీసింగ్ అన్నీ ఉన్నట్టే. మీద మళ్ళీ పెట్రోల్ బిల్లు ఇస్తే ఒకే ఖర్చు రెండుసార్లు ఇచ్చినట్టు. కొత్తగా చేరినవాళ్ళు ఇది తెలియకే పెడతారు, ఎందుకంటే పాత కంపెనీలో అసలు బిల్లుల పద్ధతి ఉండి ఉంటుంది. కంపెనీ కారు తీసుకువెళితే అప్పుడు పెట్రోల్ బిల్లు సరైనది, కిలోమీటర్ల లైను తప్పు అవుతుంది. ఏదో ఒకటే.

హోటల్ బిల్లు దగ్గర కాస్త నిదానించండి. మొత్తం మాత్రమే చూస్తే 10,458. బిల్లు రెండో పేజీ తెరిస్తే గది అద్దె మూడు రాత్రులకు రాత్రికి 3,200 చొప్పున 9,600, దాని మీద 5 శాతం జీఎస్టీ 480. ఇది 10,080. మిగతా 378 ఏంటి? 11 రాత్రి హోటల్ రెస్టారెంట్‌లో తిని గది ఖాతాలో రాయించుకున్న భోజనం, 360 మీద 18 పన్ను. ఇప్పుడు భోజనాల లైనుకి వెళ్ళండి. 11వ తేదీకి 790 రాశాడు, రెండు బిల్లులు జత చేశాడు: 412 ఒకటి, 378 ఒకటి. ఆ 378 అదే రెస్టారెంట్ ఇచ్చిన చిన్న చీటీ. గది ఖాతాలో పడిన బిల్లుకి రెస్టారెంట్ దగ్గర విడిగా చీటీ వస్తుంది, పాపం రెండూ దాచుకుని రెండూ పెట్టాడు. ఒకసారే ఇవ్వాలి. అది భోజనం కాబట్టి భోజనం లైనులో ఉంచి, హోటల్ లైనుని 10,080కి తగ్గించండి. ఇలాగే కార్డు స్వైప్ చీటీ ఒక లైనులో, అదే ఖర్చు బిల్లు ఇంకో లైనులో వచ్చే క్లెయిములు కూడా ఉంటాయి. పట్టుకునే సులువు ఒక్కటే: తేదీ, మొత్తం రెండూ కలిసిన లైన్లు ఈ క్లెయిములోనే కాదు, అతని గత రెండు నెలల క్లెయిముల్లో కూడా ఉన్నాయేమో వెతకండి. ఇద్దరు ఇంజినీర్లు కలిసి వెళ్ళిన టూర్ అయితే రెండోవాడి క్లెయిము కూడా తెరవండి. ఒకే గది, ఒకే క్యాబ్ ఇద్దరి క్లెయిముల్లోనూ ఉండడం తరచూ జరుగుతుంది. బిల్లు మీద ఎంతమంది అతిథులో రాసి ఉంటుంది, అది చూస్తే తెలిసిపోతుంది. హోటల్‌ని ట్రావెల్ డెస్క్ బుక్ చేస్తే, డబ్బు కంపెనీ ముందే కట్టేసిందా అన్నది కూడా చూడాలి. చెక్ అవుట్‌లో మొత్తం బిల్లు చేతికిస్తారు, చెల్లించాల్సిన బాకీ సున్నా అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మూడో రాత్రి, అంటే 12 రాత్రి, ఇవ్వాలా వద్దా? మర్నాడు లీవు కాబట్టి అది సొంత బస అని కొట్టేయాలనిపిస్తుంది. కానీ పని ముగిసింది సాయంత్రం 6:30కి. 275 కిలోమీటర్లు, రోజంతా ప్లాంట్‌లో నిలబడిన మనిషి, రాత్రిపూట తనే నడుపుకుంటూ రావాలి. లీవు పెట్టకపోయినా ఆ రాత్రి అక్కడే ఉండమని మీరే చెప్పేవారు. అందుకే ఇవ్వాలి. అదే రిపోర్టులో పని మధ్యాహ్నం 1 గంటకు ముగిసిందని ఉంటే, 3,200 మీద పన్ను కలిపి 3,360 తగ్గించాలి. బిల్లు రెండు సందర్భాల్లోనూ ఒకటే, పరిమితి ఒకటే. ఫైనాన్స్‌లో కూర్చున్న వ్యక్తికి రెండింటికీ తేడా తెలిసే అవకాశం లేదని మొదట అన్నది ఇందుకే.

భోజనాల్లో మిగిలినవి: 10వ తేదీ 620, సరే. 12వ తేదీ 945, పరిమితి 800 కాబట్టి 145 కోత. ఆ రోజు 800 దాటింది కానీ 10వ తేదీన 180 మిగిలింది కదా, సర్దవచ్చా అని అడుగుతారు. పాలసీలో రోజువారీ పరిమితి అని ఉంటే సర్దకూడదు, టూర్ మొత్తానికి అని ఉంటే సర్దవచ్చు. ఆ మాట పాలసీలో చదివి అందరికీ ఒకేలా చేయండి. 13వ తేదీ 410 బిల్లు మచిలీపట్నం హోటల్‌ది, మధ్యాహ్న భోజనం. లీవు రోజు, దారిలో లేని ఊరు. ఇవ్వకూడదు.

మొత్తం వేస్తే: కారు 7,680, హోటల్ 10,080, భోజనాలు 620, 790, 800 కలిపి 2,210. ఇవ్వాల్సింది 19,970. కోత 2,933, అంటే పెట్రోల్ 2,000, రెండుసార్లు వచ్చిన భోజనం 378, పరిమితి దాటిన 145, లీవు రోజు 410. ఈ నాలుగింట్లో సిస్టమ్ తనంతట తాను పట్టుకోగలిగేది 145 ఒక్కటే.

టూర్‌కి అడ్వాన్సు తీసుకున్నాడేమో కూడా ఇదే తెర మీద చూడండి. అడ్వాన్సు 15,000 ఇచ్చి ఉంటే చేతికి వెళ్ళాల్సింది 4,970 మాత్రమే. కొన్ని సిస్టమ్‌లలో క్లెయిము వేసేటప్పుడు అడ్వాన్సు నంబరు ఎంచుకోకపోతే అది తగ్గదు, మొత్తం మళ్ళీ చెల్లిపోతుంది.

జీఎస్టీ గురించి మీకు అవసరమైనంత వరకు. విజయవాడ హోటల్ బిల్లు మీద హోటల్ జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, అది ఆంధ్రప్రదేశ్ కోడ్. తెలంగాణది 36. హోటల్ బసకి పన్ను హోటల్ ఉన్న రాష్ట్రంలోనే పడుతుంది కాబట్టి, మీ కంపెనీకి తెలంగాణలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 480 వెనక్కి రాదు. కంపెనీ నంబరు బిల్లు మీద వేయించలేదని ఈ క్లెయిముని వెనక్కి తిప్పితే ఇంజినీర్‌ని ఊరికే విసిగించడమే. విమాన టికెట్టు దగ్గర మాత్రం అలా కాదు. కంపెనీ నంబరు ఇచ్చి బుక్ చేస్తే పన్ను కంపెనీ రిజిస్ట్రేషన్ ఉన్న రాష్ట్రం కిందకే వస్తుంది. దానికి టికెట్టు కాగితం చాలదు, ఎయిర్‌లైన్ సైట్ నుంచి జీఎస్టీ ఇన్‌వాయిస్ దింపుకోవాలి. ఎక్కడ పట్టుబట్టాలో ఎక్కడ వదలాలో మీ ఫైనాన్స్‌ని ఒకసారి అడిగి, ఏయే రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉందో రాసిపెట్టుకోండి. బిల్లు నిజమైనదేనా అన్న అనుమానం వస్తే దాని మీది 15 అక్షరాల నంబరుని జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే వ్యాపారం పేరు, ఊరు, రిజిస్ట్రేషన్ రద్దయిందా అన్నది కనిపిస్తాయి. లాగిన్ అక్కర్లేదు.

అనుమానం రావాల్సిన బిల్లులు ఎలా ఉంటాయంటే: ఒకే బిల్లు పుస్తకంలోంచి 412, 413 నంబర్లు పది రోజుల తేడాతో. అన్నీ 500, 1,000 లాంటి గుండు అంకెలు. మీ సంతకం పరిమితి 5,000 అయితే ఒకే రోజు ఒకే దుకాణంలో 4,900, 4,700. చివరిది దాదాపు ఎప్పుడూ బిల్లుని చీల్చడమే, పై స్థాయి అప్రూవల్ తప్పించడానికి. రెండూ కలిపి ఒక ఖర్చుగా చూసి పైకి పంపాలి. మొదటి రెండింటికి మాత్రం తొందరపడకండి. రోజుకి ఒకటో రెండో బిల్లులు కోసే చిన్న మెస్‌లు ఉన్నాయి, ఆటోవాళ్ళు చిల్లర లేక గుండు అంకెలే తీసుకుంటారు. యూపీఐ స్క్రీన్‌షాట్ బిల్లుకి ప్రత్యామ్నాయం కాదు. డబ్బు వెళ్ళిందని అది చెబుతుంది కానీ దేనికి వెళ్ళిందో చెప్పదు. బిల్లు దొరకని ఆటోకి దాన్ని ఒప్పుకోండి, 3,000 రూపాయల విడిభాగానికి ఒప్పుకోకండి. క్యాబ్ యాప్‌లోనైతే బుకింగ్ ముందు కనిపించే అంచనా ధర స్క్రీన్‌షాట్ వద్దు, ప్రయాణం ముగిశాక మెయిల్‌కి వచ్చే బిల్లు కావాలి. రద్దయిన ప్రయాణానికి అంచనా ధర ఉంటుంది, బిల్లు ఉండదు. రైలు టికెట్టుకీ ఇదే గొడవ: టికెట్టు కాగితం అలాగే ఉంటుంది, రద్దు చేసుకుంటే డబ్బు కట్టినవాడి ఖాతాకి వెళ్ళిపోతుంది. సర్వీస్ రిపోర్టు తేదీ టికెట్టు తేదీతో కలిస్తే ఇంక తవ్వక్కర్లేదు.

కస్టమర్‌తో భోజనానికి వెళ్ళినప్పుడు మీరూ ఆ బల్ల దగ్గర ఉంటే, బిల్లు మీరే కట్టి మీ క్లెయిములో పెట్టండి. అక్కడున్నవాళ్ళలో పెద్ద హోదా ఎవరిదైతే వాళ్ళే కట్టాలన్నది ఆడిట్ వాళ్ళ పాత నియమం. ఇంజినీర్ కట్టి, అతని క్లెయిముని మీరు అప్రూవ్ చేస్తే మీ భోజనానికి మీరే అప్రూవల్ ఇచ్చుకున్నట్టు అవుతుంది. ఇప్పటికే అలాంటిది లిస్టులో ఉంటే మీ పైవారికి మళ్ళించండి. ఎవరెవరు తిన్నారో పేర్లు, కంపెనీ లేకుండా ఆ లైనుని వదలకండి.

లీవుల్లో రెండు విషయాలు చెప్పి ముగిస్తాను, మిగతావి సిస్టమ్ చూసుకుంటుంది. మొదటిది నిల్వ. తెర మీద కనిపించే నిల్వలోంచి పెండింగ్ దరఖాస్తులు తీసివేసి ఉండకపోవచ్చు. నిల్వ 6 ఉన్నవాడు ఒకటి 4 రోజులకు, ఒకటి 3 రోజులకు పెడితే, విడివిడిగా రెండూ సరిపోతాయి, కలిపితే ఒక రోజు లోటు. ఆ రోజు జీతం కోత పడుతుందని ముందే చెప్పి, అతను సరేనంటే అప్రూవ్ చేయండి. రెండోది మధ్యలో వచ్చే సెలవులు. మీ దగ్గర సెలవు రోజులను కూడా లీవుగా లెక్కించే శాండ్‌విచ్ నియమం ఉందనుకోండి. పై ఇంజినీర్ 13 శుక్రవారానికి ఒక దరఖాస్తు, 16 సోమవారానికి ఇంకో దరఖాస్తు పెడితే సిస్టమ్ ఒక్కో రోజు చొప్పున రెండు రోజులే లెక్కించవచ్చు. నియమం ప్రకారం అవి నాలుగు. మనిషి పేరు మీద ఫిల్టర్ పెట్టమన్నది దీనికి కూడా. మీ టీమ్‌లో ఎవరైనా విజయవాడ ఆఫీసు నుంచి బదిలీ మీద వచ్చి ఉంటే అతని సెలవుల పట్టిక ఏ రాష్ట్రానిదో హెచ్‌ఆర్‌ని అడగండి. తెలంగాణ పట్టికలో ఉండే బోనాలు, జూన్ 2 పాత పట్టికలో ఉండవు, అందుకని అతనికి ఆ రోజుకి లీవు కోసేస్తుంది. సంక్రాంతి లాంటి చోట అందరూ ఒకే తేదీలు అడిగితే టీమ్ క్యాలెండర్ తెరిచి చూడండి. ఎవరు ముందు అడిగారన్నది దరఖాస్తు పెట్టిన సమయాన్ని బట్టి ఉండాలి, మీరు తెరిచిన వరసని బట్టి కాదు. జబ్బు లీవుకి సర్టిఫికెట్ ఉందో లేదో చూస్తే చాలు, ఏ జబ్బో అడిగే పని మీది కాదు.

వెనక్కి పంపేటప్పుడు రిజెక్ట్ నొక్కకండి, సెండ్ బ్యాక్ నొక్కండి. రిజెక్ట్ చేస్తే చాలా సిస్టమ్‌లలో ఆ క్లెయిము నంబరు చచ్చిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి కొత్తది పెట్టాలి. ఖర్చు అయిన 60 రోజుల్లో పెట్టాలి లాంటి గడువు మీ దగ్గర ఉంటే కొత్తది గడువు దాటిపోవచ్చు. లైను వారీగా తగ్గించే సదుపాయం ఉంటే అసలు వెనక్కి పంపే పనే లేదు, పై కేసులో నాలుగు లైన్లు తగ్గించి 19,970కి అప్రూవ్ చేస్తే అతని డబ్బు ఆగదు. కామెంట్‌లో "సరిచూసి పంపండి" అని రాస్తే అతనికి ఏం అర్థం కాదు. ఇలా రాయండి: "పెట్రోల్ 2,000 కిలోమీటర్ల లైనులో కలిసి ఉంది, తీసేశాను. హోటల్ బిల్లులోని 378 భోజనం లైనులో కూడా ఉంది, హోటల్‌లోంచి తీసేశాను. 12 భోజనం 800కి తగ్గించాను. 13 లీవు, ఆ 410 రాదు." రెండేళ్ళ తర్వాత ఆడిటర్ అడిగినా ఆ నాలుగు వాక్యాలే జవాబు.

మీరు సెలవు మీద వెళ్ళే ముందు అప్రూవల్స్ ఎవరికి అప్పగించారో, ఏ తేదీ వరకో చూసుకోండి. మీ టీమ్‌లోని ఇంజినీర్‌కే అప్పగిస్తే అతని సొంత క్లెయిము అతని చేతికే రావచ్చు, దాన్ని సిస్టమ్ ఆపుతుందో లేదో ముందే హెచ్‌ఆర్‌ని అడగండి. ఇన్ని రోజులు చూడకపోతే తనంతట తానే అప్రూవ్ అయిపోయే అమరిక మీ సిస్టమ్‌లో ఉందేమో కూడా అడగండి. ఉంటే ఆ 31లో అన్నిటికన్నా పాతది ఎన్ని రోజులదో ఇవాళే చూడండి.